‘నా టైప్ అంతే’ అంటున్నారు

ప్రశ్న: మాకు పెళ్లయి మూడేళ్లయింది. ఆఫీసు శిక్షణలో మావారి చేత ఎంబీటీఐ అనే వ్యక్తిత్వ పరీక్ష రాయించారు. అంతర్ముఖుడు, ఆలోచనతో నిర్ణయించే రకం అని వచ్చిందట. అప్పటినుంచి బంధువుల పెళ్లికి రమ్మన్నా, నా బాధ చెప్పుకున్నా ‘నా టైప్ అంతే, నాకు చేతకాదు’ అంటున్నారు. నా చేతా రాయించారు. నాది మనసుతో నిర్ణయించే రకమట. ఈ రెండు రకాలకూ పొసగదని ఇంటర్నెట్‌లో ఒక పట్టిక చూపించారు. ఆయనది రాతి గుండె అని నాకు ముందే అనిపించేది. ఇప్పుడు రుజువైంది. ఆయన ఇక మారరా?

జవాబు: అమ్మా, ముందు ఆ ఫలితాల కాగితం బయటికి తీయండి. రకాన్ని సూచించే నాలుగు అక్షరాలను కాసేపు పక్కన పెట్టి, వాటి దగ్గర ఉండే అంకెలో శాతాలో చూడండి. అసలు సంగతి వాటిలో ఉంటుంది.

మానసిక వైద్యుడు కార్ల్ యుంగ్ 1921లో ప్రచురించిన సిద్ధాంతం ఆధారంగా కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసాబెల్ మైయర్స్ ఈ పరీక్షను తయారుచేశారు. ఇందులో అంతర్ముఖమా బహిర్ముఖమా, ఆలోచనా మనసా వంటి నాలుగు జంటలు ఉంటాయి. ప్రతి జంటలో మీ జవాబులు ఎటు ఎక్కువైతే ఆ అక్షరం ఇస్తారు. ఒక జంటపై 21 ప్రశ్నలున్నాయనుకోండి. 20 జవాబులు అంతర్ముఖం వైపు పెట్టిన వ్యక్తికీ, 11 మాత్రమే పెట్టిన వ్యక్తికీ దక్కేది ఒకటే అక్షరం. పది పెట్టినవారు మాత్రం బహిర్ముఖులైపోతారు. చాలామంది నడిమధ్యనే ఉంటారు కాబట్టి, కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే ఏదో ఒక అక్షరం మారడం తరచుగా జరిగేదే.

నా దగ్గరకు వచ్చిన ఒక భర్తదీ ఇలాంటి కథే. ఆయన కాగితంలో ఆలోచన వైపు ఉన్నది స్వల్ప ఆధిక్యం. ఎప్పుడు రాశారని అడిగితే, పనితీరు సమీక్షలు జరుగుతున్న వారంలో, ఆఫీసు కుర్చీలో కూర్చుని రాశానన్నారు. ‘నిర్ణయాల్లో న్యాయం ముఖ్యమా, దయ ముఖ్యమా’ వంటి ప్రశ్నలకు తన కింద పనిచేసేవారిని తలచుకుని జవాబిచ్చారు. ఐదు వారాల తర్వాత, పాత ఫలితం చూడకుండా, ఇంట్లో కూర్చుని రాయమన్నాను. ఆ అక్షరం మారిపోయింది. మనిషి మారలేదు, తలచుకున్న చోటు మారింది.

మరి ఆ ఫలితం తనకు అంత సరిగ్గా ఎలా సరిపోయిందని మీవారు అడగవచ్చు. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఎవరి నివేదిక వారికిస్తున్నట్టుగా అందరికీ ఒకే నివేదిక ఇచ్చారు. అది తమకు ఎంత సరిపోయిందని అడిగితే సగటున అయిదుకు 4.26 మార్కులు వేశారు. ‘పైకి ధైర్యంగా కనిపించినా లోలోపల సందేహపడతారు’ అంటే తనది కాదనేవారెవరు?

ఇంకో మాట. ఈ పరీక్ష చెప్పేది మొగ్గు. చేతనవునా, కాదా అన్నది ఇది కొలవదు. కాబట్టి ‘నాకు చేతకాదు’ అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. రకాల జతలు చూసి కాపురం ఎలా సాగుతుందో చెప్పవచ్చనడానికీ గట్టి ఆధారాలు లేవు. ఆ పట్టికను మూసేయండి.

అయితే కాగితాన్ని పారేయమని చెప్పను. మాట్లాడుకోవడానికి అది పనికొస్తుంది. ఇద్దరూ కూర్చుని, ప్రతి అక్షరం బదులు ఒక సందర్భం చెప్పుకోండి. ‘నేను అంతర్ముఖుణ్ని’ అంటే అక్కడితో మాట ఆగిపోతుంది. ‘పెళ్లిలో రెండు గంటలు దాటితే తల బరువెక్కుతుంది’ అంటే మాట మొదలవుతుంది. తలంబ్రాలు చూసి, భోజనం చేసి ఆయన వెళ్లిపోవచ్చు, మీరు ఉండవచ్చు. అలాగే ‘నువ్వు ఏడిస్తే ఏమనాలో తెలియక ఉపాయం చెబుతాను’ అని ఆయన ఒప్పుకుంటే, ‘ఉపాయం వద్దు, పది నిమిషాలు వినండి చాలు’ అని మీరు అడగవచ్చు.

మీ ఉత్తరంలో ఒక మాట నన్ను బాధపెట్టింది. ‘రాతి గుండె’. అదీ ఒక ముద్రే కదమ్మా, పరీక్ష రాయకుండానే వేసినది. ఈ వారం రోజులూ ఆయన ఆ ముద్రకు విరుద్ధంగా ప్రవర్తించిన సందర్భం ఏదైనా కనిపిస్తే తేదీ వేసి రాసుకోండి. మీకు జ్వరమొస్తే రాత్రి లేచి నీళ్లిచ్చినా సరే, రాయండి. తన ముద్రకు విరుద్ధంగా తాను చేసినవి ఆయననూ రాయమనండి. ఆదివారం ఒకరిది ఒకరు చదవండి.

ఒక్కటి మాత్రం గమనించండి. పెళ్లయిన కొత్తలో బాగా మాట్లాడిన మనిషి ఇటీవలే ముభావంగా మారితే, నిద్ర తగ్గి, ఇష్టమైన పనులపైనా ఆసక్తి పోతే, దాన్ని టైప్ ఖాతాలో వేయవద్దు. రెండు వారాలకు మించి అలాగే ఉంటే మానసిక వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి.