మొదటి ఏడాది స్టార్టప్ ఆడిట్: ముందు బ్యాంకులోకి వచ్చిన డబ్బు సంగతి తేల్చండి

ప్రశ్న: "సార్, వైజాగ్‌లో కొత్తగా ప్రాక్టీసు పెట్టాను. ఒక స్టార్టప్ మొదటి ఏడాది ఆడిట్ వచ్చింది. తర్వాత షేర్లుగా మారే కన్వర్టిబుల్ నోట్ల మీద డబ్బు తెచ్చారు, ఉద్యోగులకు ఈసాప్స్, అంటే షేర్లు కొనుక్కునే ఆప్షన్లు ఇస్తామన్నారు. పుస్తకాలు మాత్రం దాదాపు లేవు: ఒక ఎక్సెల్ షీటు, బ్యాంకు స్టేట్‌మెంటు, వాట్సాప్‌లో బిల్లుల ఫోటోలు. అసలు ఒప్పుకోవచ్చా? ఒప్పుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి?"

ఒప్పుకోవచ్చు. కానీ ఆ పుస్తకాలు మీరు రాసిపెట్టకూడదు. కంపెనీల చట్టం 144వ సెక్షన్ ప్రకారం ఆడిటరు అదే కంపెనీకి అకౌంటింగ్, బుక్ కీపింగ్ చేయడం నిషేధం. "సార్, ఆ ఎంట్రీలు కూడా మీరే వేసేయండి, ఫీజు కలిపి ఇస్తాం" అని తప్పకుండా అడుగుతారు. వేరే అకౌంటెంటును పెట్టుకోమనండి. ఫలానా తేదీకి ట్రయల్ బ్యాలెన్స్ అందకపోతే పని మొదలవదని ఎంగేజ్‌మెంట్ లెటర్‌లో రాయండి. 2023 ఏప్రిల్ 1 నుంచి, ఏ ఎంట్రీని ఎప్పుడు మార్చారో చెరపలేని విధంగా నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌నే వాడాలి. అది ఉందో లేదో ఆడిట్ రిపోర్టులో మనం చెప్పాలి. ఏడాదంతా ఎక్సెల్ మీద నడిపి మార్చి తర్వాత టాలీలోకి ఎక్కించుకున్న కంపెనీకి "ఉంది" అని రాయలేం. ఈ మాట మొదటి మీటింగులోనే చెప్పేయండి.

ఇక మొదలుపెట్టే చోటు. చాలామంది ఖర్చుల వోచర్లతో మొదలుపెట్టి, నెల రోజులు పెట్రోలు బిల్లుల మధ్య గడిపేస్తారు. నేను బ్యాంకు స్టేట్‌మెంటులో క్రెడిట్ వైపు నుంచి వెళ్తాను. స్టేట్‌మెంటు క్లయింటు పంపిన పీడీఎఫ్ కాకుండా బ్యాంకు నుంచి నేరుగా రావాలి. పెద్ద క్రెడిట్ ప్రతిదానికీ అది ఎవరిది, ఏ తేదీది, ఏ కాగితం మీద వచ్చింది అన్నది రాసుకోండి. మొదటి ఏడాది స్టార్టప్‌లో నష్టాన్ని మించిన ప్రమాదం ఈ కొద్దిపాటి క్రెడిట్లలోనే ఉంటుంది. నేను చూసిన ఒక కేసు చెప్తాను. క్లయింటు ఎవరో తెలియకూడదని వివరాలు కాస్త మార్చాను.

మధురవాడలో ఆఫీసు. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొని, శుభ్రం చేయించి, ఇళ్లకు పంపే కంపెనీ. 2023 జూన్‌లో పెట్టారు, లెక్క 2024 మార్చి 31 వరకు. ట్రయల్ బ్యాలెన్స్‌లో "ఏంజెల్ ఫండింగ్ 65 లక్షలు" అని ఒకే లెడ్జరు, అది కూడా షేర్ క్యాపిటల్ కింద. విడదీస్తే ముగ్గురు మనుషులు, నాలుగు క్రెడిట్లు. ఒకాయన ఆగస్టులో 10 లక్షలు పంపారు. రెండో ఆయన అక్టోబరు 4న 30 లక్షలు. మూడో ఆయన అక్టోబరు 10న 15 లక్షలు, నవంబరులో ఇంకో 10 లక్షలు. ముగ్గురికీ ఒకే నమూనా కన్వర్టిబుల్ నోటు, 8 శాతం వడ్డీ. స్టార్టప్‌లను గుర్తించే కేంద్ర విభాగం డీపీఐఐటీ ఇచ్చిన సర్టిఫికెట్ తేదీ సెప్టెంబరు 20.

ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. డిపాజిట్ల నిబంధనల ప్రకారం కన్వర్టిబుల్ నోటు డబ్బు డిపాజిట్ కాకుండా ఉండాలంటే కంపెనీ గుర్తింపు పొందిన స్టార్టప్ అయి ఉండాలి. ఒక్కొక్క మనిషి నుంచి ఒకే విడతలో కనీసం 25 లక్షలు రావాలి. నోటు పదేళ్లలోపు షేర్లుగా మారాలి, లేదా తిరిగి చెల్లించాలి. ఆగస్టులో వచ్చిన 10 లక్షలు మొత్తం చాలక, గుర్తింపూ లేక రెండు విధాలా తప్పాయి. మూడో ఆయనవి కూడితే సరిగ్గా 25 లక్షలే, కానీ రెండు విడతల్లో వచ్చాయి కాబట్టి ఆ కూడిక పనికిరాదు. నిలబడింది అక్టోబరు 4 నాటి 30 లక్షలు ఒక్కటే. మిగతా 35 లక్షలు 73వ సెక్షన్ కింద అనుమతి లేని డిపాజిట్లు. సభ్యుల నుంచి తీసుకునే డిపాజిట్లకు ప్రైవేటు కంపెనీలకు సడలింపు ఉంది, కానీ వీళ్లిద్దరూ అప్పటికి సభ్యులు కారు. 76ఎ కింద కంపెనీకి కనీస జరిమానా కోటి రూపాయలు లేదా డిపాజిట్‌కు రెట్టింపు, ఏది తక్కువైతే అది. బాధ్యులైన అధికారులకు ఏడేళ్ల వరకు జైలు కూడా ఉంది. ఆ కుర్రాళ్లు ఎవరినీ మోసం చేయలేదు. ఇంటర్నెట్‌లో దొరికిన నమూనా మీద సంతకాలు పెట్టించారు, అంతే. అందుకే ఈ సంగతి ఆడిట్ చివర్లో కాకుండా మొదటి వారంలోనే బయటికి రావాలి. అప్పుడే సరిదిద్దుకోవడానికి వాళ్లకు టైము ఉంటుంది.

"అయితే వాటిని షేర్ అప్లికేషన్ డబ్బుగా చూపిద్దాం" అన్నారు. కుదరదు. ఒప్పందంలో నోటు అని ఉంది. ఒకవేళ నిజంగా షేర్ల కోసమే తీసుకున్నా, 60 రోజుల్లో అలాట్ చేయాలి, లేదంటే ఆ తర్వాత 15 రోజుల్లో తిరిగి ఇచ్చేయాలి. ఆ గడువులు ఎప్పుడో దాటిపోయాయి. చివరికి ఒక డైరెక్టరు తండ్రి కంపెనీకి అప్పు ఇచ్చారు. ఆ డబ్బు తాను వేరే చోట అప్పు చేసి తెచ్చింది కాదని రాసిచ్చారు. ఆ డిక్లరేషన్ ఉంటేనే డైరెక్టరు బంధువు అప్పు డిపాజిట్ కాకుండా ఉంటుంది. ఆ డబ్బుతో ఇద్దరికీ వడ్డీతో తిరిగి కట్టేశారు. మూడో ఆయన తర్వాత 25 లక్షలు ఒకే విడతలో కొత్త నోటు మీద పంపారు. ఇదంతా ఏప్రిల్ తర్వాత జరిగింది కాబట్టి మార్చి 31 నాటి బ్యాలెన్స్ షీట్ మారదు. 65 లక్షలూ అప్పుల్లోకి వెళ్లాయి. ఉల్లంఘన, తర్వాత తీర్చిన సంగతి, పడే అవకాశమున్న జరిమానా నోట్స్‌లో చూపించారు. అంతా స్పష్టంగా చూపించారు కాబట్టి నేను అభిప్రాయాన్ని క్వాలిఫై చేయకుండా, ఆ నోటు మీదికి పాఠకుల దృష్టి మళ్లించే పేరా పెట్టాను. చూపించడానికి ఒప్పుకోకపోయి ఉంటే క్వాలిఫై చేసేవాణ్ని. ఏటా వేసే డిపాజిట్ల రిటర్ను డీపీటీ-3లో కూడా డిపాజిట్లు, డిపాజిట్లు కానివి ఇదే విభజనతో వెళ్లాలి. దానికి మన సర్టిఫికెట్ కావాలి కాబట్టి రెండు చోట్లా రెండు లెక్కలు ఉండకూడదు.

వడ్డీ దగ్గర ఇంకో వాదన వస్తుంది. "వడ్డీ కూడా షేర్లుగానే మారుతుంది, చేతికి ఇచ్చేది లేదు కదా, ఖర్చు ఎందుకు?" అంటారు. షేర్లుగా మారేదాకా అది అప్పే, రోజురోజుకూ పెరుగుతుంది. ఆ 30 లక్షల మీదే మార్చికి సుమారు లక్షా 18 వేలు. ఖాతాలో జమ వేసిన రోజే టీడీఎస్ బాధ్యత కూడా వస్తుంది, డబ్బు చేతికి ఇవ్వకపోయినా సరే. మీ క్లయింటువి నోట్లు కాకుండా సీసీపీఎస్, అంటే తప్పనిసరిగా ఈక్విటీగా మారే ప్రిఫరెన్స్ షేర్లు అయితే దారి వేరు. అవి షేర్ క్యాపిటల్. అప్పుడు వాల్యుయేషన్ రిపోర్టు, ప్రత్యేక బ్యాంకు ఖాతా, అలాట్‌మెంట్ రిటర్ను పాస్-3 దాఖలు చేశాకే డబ్బు ముట్టుకున్నారా అన్నవి చూడాలి. కంపెనీ చట్టం చెప్పే చిన్న కంపెనీ కాకపోతే, ప్రీమియం రిజర్వుల్లో చేరి, క్యాపిటల్‌తో కలిపి కోటి దాటినప్పుడు, ఆడిట్ రిపోర్టుకు అదనంగా కారో రిపోర్టు కూడా రాయాల్సి వస్తుంది.

ఈసాప్స్‌లో ముందు అడగాల్సింది స్కీము, వాటాదారుల తీర్మానం, గ్రాంట్ లెటరు. మా కేసులో జూలైలో చేరిన ఇంజినీరు ఆఫర్ లెటర్‌లో "ఒక శాతం" అని ఉంది. దేంట్లో ఒక శాతం, నోట్లు మారకముందా మారాకా అన్నది లేదు. స్కీము, తీర్మానం అక్టోబరు 1న వచ్చాయి, అదే రోజు 10,000 ఆప్షన్లకు గ్రాంట్ లెటరు ఇచ్చారు. వెస్టింగ్, అంటే ఆప్షన్ల మీద హక్కు రావడం మాత్రం చేరిన జూలై నుంచి లెక్కపెట్టారు. గ్రాంట్‌కూ మొదటి వెస్టింగ్‌కూ మధ్య కనీసం ఏడాది ఉండాలని రూల్ 12 చెబుతుంది. కాబట్టి మొదటి విడత వచ్చే అక్టోబరుకు ముందు వెస్ట్ కాదు. లెటరు మార్పించాం.

ఖర్చు లెక్క ఇలా వచ్చింది. ఆప్షన్ విలువ 90 రూపాయలు, నాలుగేళ్లు, ఏడాదికి పావు వంతు చొప్పున. మొత్తం 9 లక్షలు కాబట్టి ఆరు నెలలకు 1,12,500 అని అకౌంటెంటు వేశాడు. కానీ నాలుగు విడతలను నాలుగు వేర్వేరు గ్రాంట్లుగా చూడాలి. ఒక్కో విడత 2,25,000. మొదటిది 12 నెలల్లో వెస్ట్ అవుతుంది కాబట్టి సగం, అంటే 1,12,500 ఈ ఆరు నెలల్లోనే పడుతుంది. రెండోది 56,250, మూడోది 37,500, నాలుగోది 28,125. మొత్తం 2,34,375, రెట్టింపు కంటే ఎక్కువ. ఆ 90 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అడగండి. నోటులో రాసుకున్న వాల్యుయేషన్ క్యాప్‌ను షేర్ల సంఖ్యతో భాగించి తెచ్చి ఉంటే ఒప్పుకోకండి. క్యాప్ అనేది మార్పిడికి పెట్టుకున్న పరిమితి, ఈ రోజు షేరు విలువ కాదు.

ఇవి తేలాక ఖర్చులు. బ్యాంకు ద్వారా వెళ్లినవి తేలికే. జీఎస్టీఆర్-2బీతో, జీతాల షీటుతో, పేమెంట్ గేట్‌వే సెటిల్‌మెంట్లతో కలిపి చూస్తే చాలా వరకు సర్దుకుంటాయి. హార్బర్‌లో నగదు కొనుగోళ్లే కష్టం, పడవ వాళ్లు బిల్లు ఇవ్వరు. నేను మా ఆర్టికల్ కుర్రాడితో కొన్ని తెల్లవారుజాముల్లో అక్కడికి వెళ్లాను. పాట పాడుకున్న ధర, తూకం, శుభ్రం చేశాక మిగిలిన బరువు రకాలవారీగా రాసుకున్నాం. ఆ నిష్పత్తిని ఏడాది అమ్మకాల కిలోల మీద వెనక్కి వేసి, ఎంత కొని ఉండాలో చూశాం. పుస్తకాల్లోని కొనుగోళ్లు దాదాపు అన్ని నెలలూ దగ్గరగానే వచ్చాయి, డిసెంబరు తప్ప. ఆ నెల నగదు డ్రా చేసింది ఎక్కువ, అమ్మింది తక్కువ. ఐస్ స్లిప్పులు, ఆటో బాడుగలు కూడా అంత సరుకు వచ్చినట్టు చూపలేదు. అడిగితే, ఫౌండరు ఇంటి అడ్వాన్సు అందులోంచి కట్టానని ఒప్పుకున్నాడు. ఆ మొత్తం కొనుగోళ్ల నుంచి తీసి, అతని దగ్గర రావలసిన బాకీగా చూపించాం. డైరెక్టరుకు అప్పుగా 185వ సెక్షన్ కిందికి వస్తుందని బోర్డుకు రాశాం.

ఇలాంటి పరీక్ష మీ క్లయింటుకు కుదరకపోతే, రుజువు దొరకని మొత్తం ఎంతో అంకెతో చెప్పి ఆ ఒక్క అంశానికే క్వాలిఫై చేయండి. అభిప్రాయమే ఇవ్వలేమని రాయడం, రుజువు లేని భాగం లెక్కలన్నిటినీ ముంచేంత ఉన్నప్పుడే. ఫౌండరు ఇచ్చే మేనేజ్‌మెంట్ రిప్రజెంటేషన్ లెటరు లేని వోచరుకు బదులు కాదు, ఎంత బాగా రాసిచ్చినా.

మీ దగ్గర నోట్ల తేదీలు, మొత్తాలు, గుర్తింపు సర్టిఫికెట్ తేదీ ఉంటే పేర్లు లేకుండా ఇక్కడ పెట్టండి, ఏ క్రెడిట్ నిలబడుతుందో చూసి చెప్తాను. విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఎవరైనా పంపి ఉంటే అది కూడా చెప్పండి. దానికి ఫెమా కింద 30 రోజుల గడువుతో వేరే ఫారం ఉంది.