వీసా ఖర్చు తిరిగి కట్టాలనే షరతు: సంతకానికి ముందే మార్పించుకోవలసినవి

ప్రశ్న: మాది విజయవాడ. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. లండన్‌లోని ఒక పెద్ద కంపెనీ స్కిల్డ్ వర్కర్ వీసా స్పాన్సర్ చేసి మూడేళ్ల ఉద్యోగం ఇస్తానంది. నాకు, నా భార్యకు, నాలుగేళ్ల పాపకు వీసా ఖర్చులూ, 5,000 పౌండ్ల రీలొకేషన్ సాయమూ వాళ్లే భరిస్తారట. కానీ 24 నెలల్లోపు ఏ కారణం చేత ఉద్యోగం వదిలినా 20,330 పౌండ్లూ ఒకేసారి కట్టాలని ఆఫర్ లెటర్‌లో రాశారు. ఖర్చుల పట్టిక జతచేశాను. ఈ షరతు చెల్లుతుందా సార్? మార్చమంటే ఆఫరే పోతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: మీరు పంపిన పట్టికను రెండు భాగాలుగా విడదీసి చూడాలి. వీసా దరఖాస్తు ఫీజు ఒక్కొక్కరికి 769 పౌండ్ల చొప్పున ముగ్గురికి 2,307. అక్కడి ప్రభుత్వ వైద్యసేవల కోసం కట్టే ఇమిగ్రేషన్ హెల్త్ సర్‌చార్జి ఏడాదికి పెద్దవారికి 1,035, పిల్లలకు 776 చొప్పున మూడేళ్లకు మీ ముగ్గురికీ కలిపి 8,538. వీటికి రీలొకేషన్ సాయం 5,000 కలిపితే 15,845 పౌండ్లు. ఇవి మీ కోసం, మీ కుటుంబం కోసం పెట్టే ఖర్చులు కనుక, మీరు త్వరగా మానేస్తే తిరిగి ఇవ్వాలని కంపెనీ అడగడాన్ని అక్కడి చట్టం నిషేధించలేదు.

మిగిలిన 4,485 పౌండ్ల సంగతి వేరు. అందులో 3,960 ఇమిగ్రేషన్ స్కిల్స్ చార్జి. పెద్ద కంపెనీలకు ఇది 2025 డిసెంబర్ 16 నుంచి ఏడాదికి 1,320 పౌండ్లు. తక్కిన 525, మీ వీసాను స్పాన్సర్ చేస్తున్నట్టు కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ ఫీజు. స్కిల్స్ చార్జి విదేశీ ఉద్యోగిని తెచ్చుకున్నందుకు యజమాని ప్రభుత్వానికి కట్టేది. దాన్ని ఉద్యోగి మీద వేయకూడదన్న నియమం ముందునుంచీ ఉంది. సర్టిఫికెట్ ఫీజును, కంపెనీ స్పాన్సర్ లైసెన్సు ఫీజును, వాటికి సంబంధించిన ఇతర ఖర్చులను కూడా స్కిల్డ్ వర్కర్ నుంచి వసూలు చేయరాదని 2024 డిసెంబర్ 31 నుంచి హోం ఆఫీస్ నియమం పెట్టింది. దాన్ని మీరితే కంపెనీ స్పాన్సర్ లైసెన్సే రద్దు కావచ్చు. కాబట్టి ఈ రెండు పద్దులను తీసివేయమని అడగడానికి మీరు ఏమాత్రం జంకనక్కరలేదు. నేను చూసినంతలో, ఇలాంటివి చాలాసార్లు పాత నమూనా లెటర్‌ను సరిచూసుకోకుండా పంపడం వల్ల వస్తాయి. ఆ విషయం మర్యాదగా గుర్తుచేస్తే హెచ్‌ఆర్ వారు తమ న్యాయ విభాగానికి పంపి వెంటనే సవరిస్తారు.

ఇక మిగిలిన 15,845 గురించి. కష్టమొస్తే కోర్టు ఈ షరతును కొట్టేస్తుందిలే అన్న ధీమాతో సంతకం చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. అవతలి పక్షం న్యాయమైన ప్రయోజనానికి ఏమాత్రం పొంతన లేని జరిమానా షరతులు చెల్లవని బ్రిటన్ సుప్రీంకోర్టు 2015లో చెప్పిన మాట నిజమే. అయితే ఆ సూత్రం ఒప్పందాన్ని ఉల్లంఘించిన సందర్భానికి వర్తిస్తుంది. మీరు సరైన నోటీసు ఇచ్చి రాజీనామా చేస్తే అది ఉల్లంఘన కాదు; అప్పుడు కట్టవలసిన సొమ్మును జరిమానా అని వాదించడం కష్టం. పైగా 1996 నాటి ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ చట్టం ప్రకారం, ఉద్యోగి ముందే రాతపూర్వకంగా ఒప్పుకున్న మొత్తాన్ని జీతంలోంచి కోసుకోవచ్చు. మీ సంతకమే ఆ ఒప్పుకోలు అవుతుంది. అందుకే మార్పులన్నీ ఇప్పుడే జరగాలి.

అన్నిటికంటే ముందు అడగవలసింది నెలనెలా తగ్గే లెక్క. 15,845ను 24తో భాగిస్తే నెలకు సుమారు 660 పౌండ్లు. మీరు 14 నెలలు పనిచేసి మానేస్తే మిగిలిన 10 నెలలకు దాదాపు 6,602 కడితే సరిపోతుంది. ఇప్పుడున్న రాత ప్రకారమైతే 23వ నెలలో మానేసినా 20,330 కట్టాలి. ఈ తేడాను మీ ఈమెయిల్‌లో అంకెలతో సహా చూపించండి. ఎవరికైనా అది న్యాయంగానే కనబడుతుంది.

రెండోది ‘ఏ కారణం చేతనైనా’ అన్న మాట. నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది ఇదే. ఈ మాట అలాగే ఉంటే, కంపెనీ తనంతట తాను మీ ఉద్యోగం తీసేసినా, లైసెన్సు పోగొట్టుకున్నా, అప్పు మీ మెడకే చుట్టుకుంటుంది. ఉద్యోగం పోయిన తర్వాత హోం ఆఫీస్ మీ వీసా గడువును సాధారణంగా 60 రోజులకు కుదిస్తుంది. ఆ 60 రోజుల్లో కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవాలో, పాపను తీసుకుని తిరిగి రావాలో తేల్చుకోవలసిన మనిషి మీద వేల పౌండ్ల బాకీ ఉండకూడదు. ‘ఉద్యోగి స్వచ్ఛందంగా రాజీనామా చేసినప్పుడు, లేదా తీవ్ర దుష్ప్రవర్తన కారణంగా తొలగించినప్పుడు మాత్రమే’ అని మార్పించండి. వీసా తిరస్కరణకు గురైతే ఏమీ కట్టనక్కరలేదని కూడా చేర్పించండి. అలాంటప్పుడు హెల్త్ సర్‌చార్జిని ప్రభుత్వమే వాపసు చేస్తుంది. చివరి జీతంలోంచి మొత్తం ఒకేసారి కోయకుండా వాయిదాలలో కట్టే వీలు కూడా అడగండి.

రీలొకేషన్ సాయం ఏ రూపంలో ఇస్తారో తెలుసుకోండి. ఉద్యోగం కోసం ఇల్లు మారినప్పుడు విమాన టిక్కెట్లు, సామాను రవాణా, తాత్కాలిక వసతి వంటి ఖర్చులను బిల్లుల మీద కంపెనీ భరిస్తే 8,000 పౌండ్ల వరకు పన్ను పడదు. అదే 5,000ను జీతంతో పాటు నగదుగా వేస్తే దాన్ని జీతంగానే చూసి పన్ను కోస్తారు. అప్పుడు చేతికి తక్కువ వచ్చినా, తిరిగి కట్టవలసింది పూర్తి 5,000 అవుతుంది. అందువల్ల బిల్లుల పద్ధతినే కోరండి. దీనికి బదులుగా మూల జీతం తగ్గించి రీలొకేషన్ పెంచుతామంటే ఒప్పుకోకండి. వీసాకు కావలసిన కనీస జీతం 2025 జులై నుంచి సాధారణంగా ఏడాదికి 41,700 పౌండ్లు, లేదా మీ వృత్తి కోడ్‌కు నిర్ణయించిన రేటు, ఏది ఎక్కువైతే అది. రీలొకేషన్ సొమ్ము ఆ లెక్కలోకి రాదు.

కంపెనీకి పైసా ఖర్చు లేని కోరిక ఒకటుంది. మొదటి నెల పోషణకు మీ ఖాతాలో 1,270 పౌండ్లు, భార్యకు 285, పాపకు 315, మొత్తం 1,870 పౌండ్లు వరుసగా 28 రోజులు నిలవ ఉంచి చూపాలి. ‘A’ రేటింగ్ ఉన్న స్పాన్సర్ ఆ బాధ్యత తనదని సర్టిఫికెట్‌లో గుర్తు పెడితే ఈ రుజువు అక్కరలేదు. కుటుంబానికి కూడా వర్తించేలా గుర్తు పెట్టమని ముందే రాయండి.

చేరే తేదీని కూడా చూసుకోండి. మీ ప్రస్తుత కంపెనీ నోటీసు 90 రోజులైతే, వీసా రాకముందే రాజీనామా చేయాల్సిన ఒత్తిడి వస్తుంది. సర్టిఫికెట్ ఇచ్చిన మూడు నెలల్లోపు దరఖాస్తు చేయాలి. భారతదేశం నుంచి చేసే దరఖాస్తుపై నిర్ణయానికి సాధారణంగా మూడు వారాలు పడుతుంది. కాబట్టి వీసా చేతికి అందాకే రాజీనామా ఇస్తాననీ, చేరే తేదీని ఆ మేరకు నిర్ణయించమనీ అడగండి.

ఈ కోరికలన్నీ ఒకే ఈమెయిల్‌లో, ఉద్యోగం పట్ల మీ సుముఖతను మొదటి వాక్యంలోనే తెలిపి, పంపండి. ఫోన్‌లో ‘చూద్దాంలెండి’ అన్న మాటకు విలువ లేదు. సవరించిన ఆఫర్ లెటర్ వచ్చేదాకా సంతకం ఆపండి. ఫీజులు తరచూ మారుతుంటాయి కనుక పైన చెప్పిన అంకెలను దరఖాస్తు రోజున బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. కంపెనీ ‘ఏ కారణం చేతనైనా’ అన్న మాటను తీయనంటే మాత్రం, ఆ లెటర్‌ను అక్కడి ఉద్యోగ చట్టం తెలిసిన సొలిసిటర్‌కు ఒకసారి చూపించిన తర్వాతే నిర్ణయం తీసుకోండి.