పాత హెడింగ్ పక్కన కొత్త హెడింగ్: అక్షరాల ఎడం కుదిరేదెలా?

ప్రశ్న: మా ఫ్లెక్స్ షాపుకు ఒక స్కూలు వాళ్లు పాత పోస్టరు జేపీజీ తెచ్చి, ANNUAL DAY కింద PRIZE DISTRIBUTION అని చేర్చమన్నారు. ఫాంటు, సైజు అవే పెట్టినా ఫోటోషాప్‌లో కొత్త లైను ఇరుగ్గా, అతికించినట్టు కనిపిస్తోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: కొత్త మాటలను కాసేపు పక్కన పెట్టి, పాత హెడింగునే దాని మీద మళ్లీ టైపు చేయండి. L, A పక్కపక్కన ఉన్నప్పటి సందూ, R, I మధ్య సందూ వాటి ఆకారాల వల్లనే వేరుగా కనిపిస్తాయి కాబట్టి, లైనంతటా అక్షరాల మధ్య సమానంగా పెట్టే ఎడాన్ని, అంటే ట్రాకింగును, వేర్వేరు మాటలను కంటితో పోల్చి పట్టుకోవడం కుదరదు.

ముందుగా అక్షరాల ఎత్తు కలపండి. దానికి N లేదా L చూడాలి గాని, గుండ్రని అక్షరాలు గీతకు కాస్త పైకీ కిందికీ పొంగుతాయి కనుక U, O పనికిరావు. ఎత్తు కలిసినా N వెడల్పు కలవకపోతే, పాత పోస్టరు చేసినవారు అక్షరాలను అడ్డంగా సాగదీశారన్నమాట (మన ఫ్లెక్సుల్లో ఇది మామూలే). అప్పుడు Horizontal Scale సరిచేశాకే ఎడం సంగతి చూడాలి.

ఇప్పుడు ట్రాకింగ్ 0 ఉంచి, మొదటి A ఎడమ అంచు నుంచి చివరి Y కుడి అంచు వరకు కొలవండి. ఉదాహరణకు ఫాంటు సైజు 200 పిక్సెళ్లు, మీరు టైపు చేసింది 1180 పిక్సెళ్లు, పాతది 1288 అనుకుందాం. తేడా 108. మధ్యలోని ఖాళీతో కలిపి పది అక్షరాలు, వాటి నడుమ తొమ్మిది సందులు, కాబట్టి సందుకు 12 పిక్సెళ్లు. ఫోటోషాప్ ట్రాకింగును ఫాంటు సైజులో వెయ్యో వంతుగా లెక్కిస్తుంది గనుక 12ను 200తో భాగించి వెయ్యితో గుణిస్తే 60 వస్తుంది. ఈ లెక్క సైజును బట్టి నడుస్తుంది కనుక కొత్త లైనును చిన్న సైజులో పెట్టినా అదే 60 సరిపోతుంది. అయితే కోరల్‌డ్రాలో ఎడాన్ని స్పేసు వెడల్పులో శాతంగా చూపిస్తారు, కాబట్టి ఈ అంకెను అక్కడ వాడకండి.

60 పెట్టాక రెండు చివరలూ కలిసి, A, Y నడుమ ఎడం మాత్రం తేడాగా కనిపిస్తే తప్పు ట్రాకింగుది కాదు, ఒక్కో జంట మధ్య ఎడాన్ని విడిగా సర్దే కెర్నింగ్‌ది. కెర్నింగ్ దగ్గర Metrics ఉంటే Optical, Optical ఉంటే Metrics పెట్టి, మళ్లీ మొదటి నుంచి కొలవండి. రెండింటిలోనూ కుదరకపోతే పాతవారు ఆ జంటను చేత్తో సర్దారని అర్థం. ఆ సర్దుబాటు కొత్త మాటలకు అక్కర్లేదు.

పాత మాటలు అచ్చుగుద్దినట్టు కలిశాక, ఆ లేయరుకు ఒక కాపీ తీసి దానిలోనే PRIZE DISTRIBUTION టైపు చేయండి. ట్రాకింగ్ చివరి అక్షరం తర్వాత కూడా ఖాళీ చేర్చడం వల్ల మధ్యకు అమర్చిన లైను సుమారు 6 పిక్సెళ్లు ఎడమకు జరుగుతుంది. చివరి N ఒక్కదాన్ని ఎంచుకుని దాని ట్రాకింగును 0 చేస్తే లైను సరిగ్గా మధ్యకు వస్తుంది.