టెన్త్‌కొచ్చినా గొంతు మారలేదు, మీసం రాలేదు

ప్రశ్న: మా బాబుకి 14 ఏళ్ళ 8 నెలలు. హైట్ 148 సెంటీమీటర్లే. క్లాసులో అందరూ బుడ్డోడా అంటున్నారని స్కూలుకి పోనని ఏడుస్తున్నాడు. మావారేమో నేనూ ఇంటర్‌లోనే పెరిగా, వదిలెయ్ అంటారు. హైట్ పౌడర్ ఏదైనా వాడమంటారా మేడం?

జవాబు: పౌడర్ వద్దమ్మా, డబ్బులు దండగ. మీవారి మాట మాత్రం కొట్టిపారెయ్యకండి, ఇలా లేటుగా ఎదిగే పిల్లల్లో సగానికి పైగా ఇళ్ళల్లో అమ్మో నాన్నో కూడా అలాగే లేటుగా ఎదిగినవాళ్ళే ఉంటారు. కానీ "వదిలెయ్" అన్నదానికి నేను ఒప్పుకోను, 14 దాటాక ఒక్కసారి పిల్లల హార్మోన్ డాక్టర్‌కి (ఎండోక్రైనాలజిస్ట్) చూపించాల్సిందే.

మీరు మీసం, గొంతు చూస్తున్నారు, అవి ఆఖర్న వచ్చేవి. మగపిల్లల్లో మొదట పెరిగేది వృషణాలు, అది మీకు ఎలాగూ కనపడదు. డాక్టర్ దగ్గర దండలా గుచ్చిన పూసలుంటాయి, ఒక్కోటి ఒక్కో సైజు, వాటితో పోల్చి చూస్తారు, 4 మిల్లీలీటర్ల పూసంత ఉంటే ఎదుగుదల మొదలైనట్టే. హైట్ ఒక్కసారిగా పెరిగేది ఆ తర్వాత ఏడాది, ఏడాదిన్నరకి. ఆ పరీక్షకి లోపలికి నాన్ననే వెళ్ళమనండి, ఈ వయసు పిల్లాడు మీ ముందు సిగ్గుతో చచ్చిపోతాడు.

తర్వాత ఎడమ చేతి ఎక్స్‌రే. ఎముకల చివర్లలో ఇంకా గట్టిపడని మెత్తటి భాగం ఎంతుందో చూసి ఎముకల వయసు చెప్తారు. అది 12 అని వచ్చిందనుకోండి, 148 అంటే 12 ఏళ్ళ పిల్లాడికి మామూలు హైటే, అంటే మీవాడు పొట్టి కాదు, వాడి గడియారం రెండేళ్ళు లేటు అంతే. మీ ఇద్దరి హైట్లు కలిపి 13 కూడి సగం చెయ్యండి, ఆయన 170 మీరు 155 అయితే 169 వస్తుంది, దానికి ఏడెనిమిది సెంటీమీటర్లు అటూఇటూగా ఆగుతాడు.

ఏడాదికి 4 సెంటీమీటర్లు కూడా పెరగకపోతున్నా, బరువు తగ్గుతున్నా, తరచూ విరేచనాలు, తలనొప్పి, చూపు మసకబారడం ఉన్నా ఆగొద్దు. ఇంకోటి, కాఫీ వాసన, అగరొత్తుల వాసన తెలుస్తుందా అని అడగండి, వింతగా ఉంటుంది కానీ వాసన అసలు తెలియకపోతే అది వేరే జబ్బు, దానంతటదే సర్దుకోదు.

అన్నీ బాగుండి కూడా వాడు బాగా కుంగిపోతుంటే నెలకొకటి చొప్పున మూడు నుంచి ఆరు నెలలు చిన్న మోతాదులో టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ ఇస్తారు. అది డాక్టరే ఇవ్వాలి, జిమ్‌లో ఎవడో ఇచ్చింది ఇష్టమొచ్చినట్టు వాడితే ఎముకల చివర్లలోని ఆ మెత్తటి భాగం ముందే గట్టిపడిపోయి రావాల్సిన హైటూ ఆగిపోతుంది.

ఈలోపు మీవారి టెన్త్ గ్రూప్ ఫోటో ఉంటే తీయించండి. ముందు వరసలో నేల మీద కూర్చున్నది నేనే రా అని ఆయన నోటితోనే వాడికి చెప్పమనండి, "అదే సర్దుకుంటుంది లే" అని మీరు వందసార్లు చెప్పినా వాడు నమ్మడు.