రెజ్యూమె కన్నా ముందు చదివేది మీ మొదటి వాక్యాన్నే

ప్రశ్న: సార్, మాది గుంటూరు. బీఎస్సీ స్టాటిస్టిక్స్ పూర్తయింది. మిర్చి యార్డు మూడేళ్ల ధరలతో ప్రాజెక్టు చేశాను. లింక్డ్‌ఇన్‌లో డేటా అనలిస్ట్ ఉద్యోగాలు చూసి నలుగురు రిక్రూటర్లకు ‘నా రెజ్యూమె జతచేశాను, దయచేసి పరిశీలించండి’ అని పంపితే ఒక్కరూ పలకలేదు. ఏం రాయాలి?

జవాబు: మీరు పంపిన వాక్యంలో ఏ ఉద్యోగమో లేదు, మీరేం చేయగలరో లేదు. ఒక రిక్రూటర్ చేతిలో ఒకేసారి ఎన్నో ఖాళీలు ఉంటాయి కనుక, మీ ఫైలు తెరిస్తే తప్ప మీరు దేనికి అడుగుతున్నారో తెలియని మెసేజ్‌ను ఆయన పక్కన పెట్టేస్తారు.

ప్రకటనలో సంస్థ వెబ్‌సైట్ ద్వారా దరఖాస్తు చేయమని ఉంటే ముందు అక్కడే చేసి, జాబ్ ఐడీ రాసిపెట్టుకోండి. కనెక్షన్ కోరుతూ పంపే చిన్న నోట్‌కు ఫైలు జతచేయడం కుదరదు కాబట్టి, అందులో ఉద్యోగం పేరు, ఐడీ మాత్రమే రాయండి. వారు అంగీకరించాక రెజ్యూమెతో అసలు మెసేజ్ పంపండి. మీ విషయంలో నేనైతే ఇలా రాస్తాను. దీన్ని ఇంగ్లీషులో పెట్టుకోండి:

“నమస్కారం. మీరు ప్రకటించిన డేటా అనలిస్ట్ ఉద్యోగానికి, ఫలానా జాబ్ ఐడీతో, నిన్న దరఖాస్తు చేశాను. గుంటూరు మిర్చి యార్డు మూడేళ్ల రోజువారీ ధరలను ఎస్‌క్యూఎల్‌తో సరిచేసి, పవర్ బీఐలో డాష్‌బోర్డు తయారుచేశాను. వెంటనే చేరగలను. రెజ్యూమె జతచేశాను. ఈ ఉద్యోగానికి ఫ్రెషర్లను తీసుకుంటున్నారా?”

చివర ప్రశ్న పెట్టడానికి కారణం ఉంది. ‘పరిశీలించండి’ అంటే వారు జవాబివ్వాల్సిన పనేమీ ఉండదు. అవునో కాదో చెప్పగలిగే ప్రశ్నకైతే ఒక్క మాటలో బదులివ్వవచ్చు. ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ మీరు నిజంగా వాడి ఉంటేనే ఆ పేర్లు ఉంచండి, లేకపోతే వాడినవే రాయండి.

ఆ ప్రాజెక్టు వాక్యం మీదే తొలి ఫోన్‌కాల్‌లో ప్రశ్నలు వస్తాయి. యార్డుకు సెలవులుంటాయి, వేసవిలోనైతే రోజుల తరబడి క్రయవిక్రయాలు ఆగుతాయి. ఆ రోజుల గడుల్లో సున్నా పెట్టి సగటు తీస్తే ధర లేనిపోని విధంగా పడిపోయినట్టు కనిపిస్తుంది. వాటిని ఖాళీగానే ఉంచి లెక్కలోకి రాకుండా చూశారా, లేదా అన్నది ముందే సరిచూసుకోండి. అలా చేసి ఉంటే, ఆ మాట రెజ్యూమెలో ఒక వాక్యంగా చేర్చండి. ఇంటర్వ్యూ చేసేవారికి టూల్స్ జాబితా కన్నా అదే ఎక్కువ చెబుతుంది.

ఫైలు పీడీఎఫ్‌గానే పంపండి. వర్డ్ ఫైలైతే వారి ఫోన్‌లో పట్టికలు చెదిరిపోవచ్చు. డ్రైవ్ లింకు పంపితే అనుమతి అడిగే పేజీ దగ్గరే వారు ఆగిపోయే ప్రమాదం ఉంది. ఫైలు పేరు final2.pdf అని కాకుండా, మీ పేరు వెనక `_Data_Analyst.pdf` అని ఉండాలి.

వారం గడిచినా బదులు రాకపోతే, అదే సంభాషణలో జాబ్ ఐడీ గుర్తుచేస్తూ ఒక్క వాక్యం రాయండి. దానికీ జవాబు లేకపోతే ఆ రిక్రూటర్‌కు మళ్లీ రాయకుండా, ఆ సంస్థలోనే అనలిస్ట్‌గా పనిచేస్తున్న మీ కాలేజీ సీనియర్ ఎవరైనా ఉన్నారేమో వెతికి, రిఫరల్ అడగండి.