పాత రేటు, కొత్త రేటు
"ఎంబీఏ చదువుతున్నాను. సరుకు అదే, అమ్మిన ధర అదే. మరి రేట్లు పెరిగేటప్పుడు లిఫోలో లాభం తగ్గుతుందేంటి?"

హ్యూస్టన్ దగ్గర ఒక ప్లంబింగ్ సామాన్ల హోల్‌సేల్ కంపెనీలో పదకొండేళ్లు లెక్కలు చూశాను, అక్కడి కాపర్ పైపులతోనే చెప్తాను. గోడౌన్‌లో 100 డాలర్ల చొప్పున కొన్న పైపులు 10 ఉన్నాయి. రేటు పెరిగాక 130 చొప్పున ఇంకో 10 వచ్చాయి. వాటిలో 10 పైపులు 150కి అమ్మాం. పాతవే పోయాయని రాస్తే లాభం 500. కొత్తవి పోయాయని రాస్తే 200, లిఫో అంటే ఇదే. గోడౌన్ కుర్రాడు లారీకి ఎక్కించేది పాత పైపులే, తేడా అంతా పుస్తకంలోనే. ఆ 300 మిగిలిన స్టాకులో ఉండిపోతుంది. దాని విలువ 1,300 బదులు 1,000గా కనిపిస్తుంది.

నన్నడిగితే 200 అసలైన లాభం. అమ్మితే వచ్చిన 1,500లో ర్యాకు మళ్లీ నింపడానికి 1,300 పోతుంది. లేని 300 మీద 21 శాతం పన్ను కట్టడం ఏం న్యాయం? అయితే అమెరికాలో పన్నుకు లిఫో వాడితే బ్యాంకుకూ అదే తక్కువ లాభం చూపించాలి.

మన దగ్గర పరీక్షల కోసం లిఫో పట్టికలు గీయించేవారు. 1999లో సవరించిన మన అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 2 దాన్ని తీసేసిందని మా క్లాసులో ఒక్కరూ చెప్పలేదు. ఆ కోపం నాకింకా ఉంది.

ఇక 2021 సంగతి. రాగి రేటు రికార్డుకెక్కింది, సరుకు మాత్రం దొరకలేదు. డిసెంబరు ఆఖరున స్టాకు లెక్కపెడితే సగం ర్యాకులు ఖాళీ. కొత్తగా కొన్నవన్నీ అయిపోయి, పుస్తకంలో అడుగున పడి ఉన్న 1980ల నాటి రేట్లు ఖర్చులోకి వచ్చాయి. పై ఉదాహరణలోకే 20 డాలర్ల పైపు ఒకటి వచ్చిందనుకోండి. 150కి అమ్మితే లాభం 130, పన్ను 27 పైనే. మళ్లీ కొనడానికి 130 కావాలి, అంటే చేతిలో మిగిలేది 20. అసలైన లాభం కంటే పన్నే ఎక్కువ! మా ఓనర్ షీటు పట్టుకుని నా టేబుల్ దగ్గరే నిలబడిపోయాడు. "ఇంత లాభం వస్తే డబ్బు ఎక్కడుంది?" అని నాలుగుసార్లు అడిగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జనవరిలో కొనే సరుకు డిసెంబరులోపే వచ్చుంటే ఆ పాత రేట్లు కదిలేవి కావు. నవంబరు నుంచే సప్లయర్ల వెంట పడాల్సింది.

ఏ అమెరికన్ కంపెనీ లెక్కల్లోనైనా లాభం ఒక్కసారిగా పెరిగితే, నోట్స్‌లో లిఫో రిజర్వ్, అంటే పైన స్టాకు విలువలో తగ్గిన 300 లాంటి తేడా, చూడండి. రేట్లు పెరుగుతున్నా అది తగ్గిందంటే, ఆ లాభంలో కొంత పాత స్టాకుదే.