పేడపురుగుకు రాత్రిపూట దారి చూపేది పాలపుంతే

పేడపురుగు ఉండను వెనక్కి నెట్టుకుంటూ వెళ్తుంది కదా, చీకట్లో కూడా అంత తిన్నగా ఎలా వెళ్తుంది?

ఆకాశాన్ని చూసి. పగలు సూర్యుడు, రాత్రి చంద్రుడు, వెన్నెల లేనప్పుడు పాలపుంత దానికి ఆనవాళ్లు.

పేడకుప్ప దగ్గర పోటీ ఎక్కువ. ఉండ చేసుకున్న పురుగు అక్కడే తచ్చాడితే ఇంకో పురుగు వచ్చి లాక్కుంటుంది. త్వరగా దూరం పోవాలంటే సరళరేఖే మేలు. అందుకే బయల్దేరే ముందు ఉండపైకెక్కి గుండ్రంగా తిరుగుతూ ఆకాశాన్ని ఒకసారి చూసుకుంటుంది. తర్వాత తల కిందికి, వెనక కాళ్లు ఉండ మీద పెట్టి నెడుతుంది. మధ్యలో ఉండ దొర్లిపోతే మళ్లీ ఎక్కి చూసుకుంటుంది.

దక్షిణాఫ్రికాలో స్కారాబియస్ సటైరస్ అనే జాతి పురుగుల తలలకు చిన్న అట్టముక్క టోపీలు పెట్టి పైచూపు మూసేశారు. అవి వంకర్లు తిరిగాయి. పారదర్శక టోపీ పెట్టినవి మాత్రం తిన్నగానే వెళ్లాయి, అంటే బరువు వల్ల వచ్చిన తేడా కాదు. జొహానెస్‌బర్గ్ ప్లానెటోరియంలో నక్షత్రాలన్నీ ఆపేసి పాలపుంత పట్టీ ఒక్కటే చూపినా దాదాపు అంతే బాగా వెళ్లాయి. ఈ ఫలితాలు 2013లో వచ్చాయి. మబ్బు పట్టిన రాత్రి మాత్రం అవి దారి తప్పుతాయి.

పురుగు ఉండను ఇంటికి మోసుకెళ్తోందని చాలామంది అనుకుంటారు. దానికి ముందే అనుకున్న గమ్యం ఏదీ ఉండదు. పట్టిన దిక్కు వదలకుండా దూరం పోయి, మెత్తటి నేల దొరికినచోట ఉండను పాతుకుని తింటుంది.